చార్టులకు బహుమతులు చాలు, పిల్లల్ని మడకకు తాళం వేయనివ్వండి

వార్షికోత్సవం ముగిసింది, శాలువాలు అయ్యాయి, ఫోటోలూ అందరికీ చేరాయి. ఇక ఒక చేదుమాట చెప్పుకుందాం. తప్పు మాదే కాబట్టి మాతోనే మొదలుపెడతాం.

ప్రతిభ గల పిల్లల ప్రాజెక్టులకు ఈసారి న్యాయనిర్ణేతలుగా కూర్చున్నది మేమే. మొదటి బహుమతి రామానుజన్ 1729 చార్టుకు ఇచ్చాం. రంగులు బాగున్నాయి, థర్మోకోల్ అక్షరాలు ఇంకా బాగున్నాయి. రెండు ఘనాల మొత్తంగా రెండు రకాలుగా రాయగల అతి చిన్న సంఖ్య 1729 అని అబ్బాయి గడగడా చెప్పాడు. "ఇంతకంటే చిన్నది లేదని నీకెలా తెలుసు?" అని అడిగితే వాళ్ల నాన్న ముఖం చూశాడు. తప్పు పిల్లవాడిది కాదు. 12 ఘనం 1728 కాబట్టి 1 నుంచి 12 వరకున్న ఘనాలను జతలుగా కూడితే చాలు. మొత్తం 78 కూడికలు, ఒక మధ్యాహ్నం పని. ఆ పని చెయ్యమని వాడికి ఎవరూ చెప్పలేదు. మేము కూడా అది అడగకుండా అట్టముక్క అడిగాం, అట్టముక్కకే కప్పు ఇచ్చాం.

ఆ సిగ్గుతోనే తర్వాతి ఆదివారాల్లో మేం నలుగురం సంఘం హాల్లో పిల్లల్ని కూర్చోబెట్టాం. ఎనిమిదో తరగతి అమ్మాయికి ఇచ్చిన ప్రాజెక్టు ఇది. మన హల్లులకు వరుసగా సంఖ్యలు వెయ్యి. క అంటే 0, ఖ అంటే 1. ళ, క్ష, ఱ దాకా లెక్కిస్తే 36 హల్లులు, చివరి ఱకు 35. ఇప్పుడొక అంకెను తాళంచెవిగా ఎంచుకో. ప్రతి హల్లు సంఖ్యనూ దానితో గుణించి, 36తో భాగించి, మిగిలిన శేషానికి సరిపడే అక్షరం రాయి. గుణింతపు గుర్తుల జోలికి పోవద్దు. అదే రహస్య ఉత్తరం. తర్వాత దాన్ని విప్పాలి.

ఆమె ఎంచుకున్న మాట మడక. మన పల్లెల్లో నాగలికి మనం వాడే మాటే. మ అంటే 24, డ అంటే 12, క అంటే 0. తాళంచెవి 3 తీసుకుంది. 24ను 3తో గుణిస్తే 72, శేషం 0. 12ను గుణిస్తే 36, శేషం 0. సున్నా ఎలాగూ సున్నానే. మడక కాస్తా కకక అయింది. లెక్క తప్పిందనుకుని మూడుసార్లు చేసింది. మేం నోరు మెదపలేదు. కాసేపటికి తనే అంది: "మూడక్షరాలూ ఒకటే అయిపోతే, వెనక్కి ఎలా వస్తాయి అంకుల్?" ఆ ప్రశ్నే ప్రాజెక్టు. తక్కినదంతా దాని వెంటే నడిచింది.

తాళంచెవి 5 పెడితే మడక డమకగా మారింది. దాన్ని మళ్లీ 5తోనే గుణిస్తే మడక తిరిగొచ్చింది! 5తో వేసిన తాళం 5తోనే తీయవచ్చని నోట్‌బుక్కులో పెద్దక్షరాలతో రాసుకుంది. చ అక్షరంతో చూడమన్నాం. చ 5, అది 25 అయి య అవుతుంది. యను 5తో గుణిస్తే 125, శేషం 17, అంటే ద. చ రాలేదు! ఒక ఉదాహరణ కుదిరితే నియమం దొరికినట్టు కాదని వందసార్లు ఉపన్యాసం ఇచ్చినా ఎక్కనిది, ఆ ద అక్షరం చూడగానే ఎక్కింది.

మరి తీసే చెవి ఏది? 36లో 5 ఏడుసార్లు పోయి 1 మిగులుతుంది. అంటే 5ను 7తో గుణిస్తే 36కు ఒకటి తక్కువ. మనకు కావలసింది ఒకటి ఎక్కువ. కాబట్టి 7 బదులు 36లోంచి 7 తీసేసి 29 తీసుకోవాలి. 5ను 29తో గుణిస్తే 145, 36తో భాగిస్తే శేషం 1. యను, అంటే 25ను, 29తో గుణిస్తే 725, శేషం 5. చ వచ్చేసింది. ఇలా భాగహారపు శేషాలను పట్టుకుని వెనక్కి నడిచే పద్ధతినే 499లో ఆర్యభటుడు చెప్పాడు, కుట్టకం అంటారు. వేదికల మీద ఆర్యభటుడి పేరుకు చప్పట్లు కొడతాం. మనలో ఎంతమంది ఒక్క కుట్టకం చేసి చూశాం?

తర్వాత 1 నుంచి 35 వరకు అన్ని చెవులనూ పరీక్షించింది. పనిచేసేవి 12 మాత్రమే. 2తో గాని 3తో గాని భాగించబడే ప్రతిదీ చెడిపోయింది, ఎందుకంటే 36లో ఉన్నవి ఆ రెండే ప్రధాన కారణాంకాలు. పక్కన కూర్చున్న పిల్లవాడు స్కూల్లో నేర్చిన తమిళ హల్లులు 18తో చేస్తే 6 మిగిలాయి. రెండింట్లోనూ సరిగ్గా మూడో వంతు! ఎందుకు? 18లోనూ ఉన్నవి అవే 2, 3. సగం 2 తినేస్తుంది, మిగిలిన దాంట్లో మూడో వంతు 3 తినేస్తుంది. అప్పుడు మన 36కు ఖాళీ జాగా గుర్తు ఒకటి చేర్చి 37 చెయ్యమన్నాం. 37 ప్రధాన సంఖ్య. 1 నుంచి 36 దాకా ఒక్క చెవీ చెడిపోలేదు.

ఈ తాళం గట్టిదని మేం అనడం లేదు. ఏ చెవి వాడినా క ఎప్పుడూ కగానే ఉంటుంది. ఉత్తరం పొడవైతే ఎక్కువసార్లు వచ్చే అక్షరాలే గుట్టు బయటపెడతాయి. 36 అక్షరాల పద్ధతిలో ఉన్నవే 12 చెవులు, ఓపికున్నవాడు అన్నీ వేసి చూస్తాడు. ఆ అమ్మాయి తమ్ముడు అలాగే విప్పేశాడు. తన తాళం ఎక్కడ బలహీనమో ఆమె ఇప్పుడు తనే రాయగలదు. 1729 చార్టులో లేనిది అదే.

"సిలబస్‌లో లేనిది ఎందుకు?" అని కమిటీలో పెద్దలు అడిగారు. "రెండేళ్లాగితే వస్తుందిలే" అన్నవారూ ఉన్నారు. తమిళనాడు పదో తరగతి పుస్తకంలో శేషాల లెక్క కొంత ఉన్న మాట నిజం. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతిలో యూక్లిడ్ భాగహార పద్ధతి ఉండేది, భారం తగ్గించే పేరుతో తీసేశారు. కానీ మన గొడవ అధ్యాయం గురించి కాదు. క్లాసులో లెక్క అందరికంటే ముందు ముగించిన బిడ్డకు మనం ఇచ్చే శిక్ష ఏమిటి? అలాంటివే ఇంకో ఇరవై లెక్కలు, లేకపోతే పై తరగతి పుస్తకం. ఎనిమిదిలో పదో తరగతి చదివిన బిడ్డ పదిలో మళ్లీ ఖాళీగా కూర్చుంటుంది. మడక లెక్కకు కావలసింది గుణకారం, భాగహారం మాత్రమే. అవి ఐదో తరగతిలోనే వచ్చేశాయి. కొత్తగా వచ్చింది ప్రశ్న ఒక్కటే.

ఇంకో సంగతి. మన పిల్లలకు తెలుగు వర్ణమాల రాదని ఏటా ఇదే వేదిక మీద ఏడుస్తున్నాం. స్కూల్లో తెలుగు లేని ఆ అమ్మాయి రెండు ఆదివారాల్లో క నుంచి ఱ వరకు వరుస తప్పకుండా నేర్చుకుంది. మేం చెప్పి కాదు. వరుస తప్పితే తాళం తెరుచుకోదు మరి!

కాబట్టి వచ్చే సర్వసభ్య సమావేశంలో మేం పెట్టబోయే తీర్మానం ఇదీ. ప్రాజెక్టు పోటీలో చార్టులు రద్దు. బిడ్డ స్వయంగా రాసిన నోట్‌బుక్కు తేవాలి, తప్పిన లెక్కలు కొట్టివేయకుండా అందులో ఉండాలి. న్యాయనిర్ణేతలు అక్కడికక్కడే కొత్త మాట, కొత్త చెవి ఇస్తారు. బిడ్డ తాళం వేసి చూపాలి, తీసి చూపాలి, తీయలేకపోతే ఎందుకు తీయలేమో చెప్పాలి. నాన్నలు హాలు బయట టీ తాగవచ్చు.

వ్యతిరేకించేవాళ్లు తప్పకుండా రండి, వాదిద్దాం. అయితే వచ్చేముందు ఒక పని. తాళంచెవి 7, హల్లులు 36. తీసే చెవి ఏదో ఇంట్లో కాగితం మీద కనుక్కుని రండి. రాకపోతే ఆ అమ్మాయి హాల్లోనే ఉంటుంది, అడగండి.