బ్రోచర్‌పై ‘క్రెడాయ్ మెంబర్’ అని ఉందా? అడగాల్సింది కంపెనీని కాదు

జడ్చర్ల, బాలానగర్ వైపు వెళ్లినా, చిట్యాల, నార్కట్‌పల్లి వైపు వెళ్లినా హైవే పక్కన వెంచర్ల హోర్డింగులు కనిపిస్తాయి. చాలా బ్రోచర్ల అడుగున డీటీసీపీ, రెరా నంబర్ల పక్కనే మరో లోగో ఉంటుంది. ‘క్రెడాయ్ మెంబర్’, ‘నరెడ్కో మెంబర్’, ‘ఎఫ్‌టీసీసీఐ మెంబర్’ అని రాసి ఉంటుంది. మొదటి రెండూ బిల్డర్లు, డెవలపర్ల సంఘాలు. మూడోది హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఉన్న తెలంగాణ వాణిజ్య, పారిశ్రామిక మండళ్ల సమాఖ్య. దీని చరిత్ర 1917 నుంచి మొదలవుతుంది.

వరుసగా ఉన్నా ఇవన్నీ ఒకటి కాదు. డీటీసీపీ, రెరా నంబర్లు ప్రభుత్వం ఇచ్చేవి. సభ్యత్వం మాత్రం ఒక ప్రైవేటు సంఘం ఇచ్చేది. రెరా నంబరును మీరే rera.telangana.gov.in లో చూసుకోవచ్చు. సభ్యత్వం నిజమో కాదో తేల్చి చెప్పగలిగేది ఆ సంఘం ఒక్కటే.

సభ్యత్వం ఉంటే మీకేంటి?

సభ్యత్వం ఉన్నంత మాత్రాన లేఅవుట్‌కు అనుమతి ఉన్నట్టు కాదు, భూమి టైటిల్ క్లియర్ అని కూడా కాదు. ఫీజు కట్టి, సంఘం ప్రవర్తనా నియమావళికి ఒప్పుకున్నారని మాత్రమే అర్థం. అయినా అది పనికిరానిదేమీ కాదు. క్రెడాయ్ వంటి సంఘాలు కొనుగోలుదారుల ఫిర్యాదులు వినడానికి వేదికలు పెట్టాయి. అయితే అవి ప్రశ్నించగలిగేది తమ సభ్యులను మాత్రమే. రేపు గొడవ వచ్చి అక్కడికి వెళ్లినప్పుడు ‘వాళ్లు మా మెంబర్లు కాదు’ అనే మాట వినడం కంటే, టోకెన్ అడ్వాన్స్ ఇచ్చే ముందే అడగడం మేలు.

ముందు అసలు పేరు పట్టుకోండి

ఎక్కువగా పొరపాటు జరిగేది ఇక్కడే. బ్రోచర్‌పై పెద్దగా కనిపించేది బ్రాండ్ లేదా గ్రూప్ పేరు. సభ్యత్వం ఉండేది ఒక నిర్దిష్ట కంపెనీకి, ఎల్‌ఎల్‌పీకి లేదా పార్ట్‌నర్‌షిప్ సంస్థకు. కాబట్టి రెరా సైట్‌లో ఆ ప్రాజెక్టు పేజీ తెరిచి ప్రమోటర్ పేరును అక్షరం మారకుండా రాసుకోండి. అది కంపెనీ లేదా ఎల్‌ఎల్‌పీ అయితే mca.gov.in లో అదే పేరుతో ఉందో లేదో చూడండి. తర్వాత సేల్స్ ఏజెంట్‌ను మూడు విషయాలు అడగండి: సభ్యత్వం ఎవరి పేరున ఉంది? నంబరెంత? ఏ చాప్టర్‌లో? సర్టిఫికెట్ ఫొటో పంపమనండి.

అలా వచ్చిన ఫొటో రుజువు కాదు, అడగడానికి ఆధారం మాత్రమే. దానిపై ఉన్న ఫోన్ నంబరుకు కాల్ చేయొద్దు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే కంపెనీ సొంత పేజీయే తెరుచుకోవచ్చు. సంఘం అధికారిక వెబ్‌సైట్ మీరే వెతికి, అందులోని ఈమెయిల్, ఆఫీసు నంబరు తీసుకోండి. క్రెడాయ్‌లో జాతీయ, రాష్ట్ర, నగర స్థాయి విభాగాలు ఉన్నాయి. డెవలపర్లు సాధారణంగా స్థానిక చాప్టర్ ద్వారా చేరతారు. అందుకే చాప్టర్ ఏదో తెలియకపోతే రాష్ట్ర విభాగానికి రాయండి.

ఏమని రాయాలి?

ఫోన్‌లో ‘అవునండీ, మావాళ్లే’ అన్న మాట రేపు పనికిరాదు. రెండు నిమిషాల్లో ఈమెయిల్ పెట్టండి. ఇలా రాస్తే చాలు:

‘ఫలానా ఎల్‌ఎల్‌పీ తాము మీ సభ్యులమని బ్రోచర్‌లో వేసుకున్నారు. బ్రోచర్, సర్టిఫికెట్ ఫొటోలు జత చేశాను. సరిగ్గా ఈ పేరున్న సంస్థ ఈరోజుకు మీ సభ్యత్వంలో ఉందా? ఏ కేటగిరీలో, ఎప్పటి వరకు? ఈ సర్టిఫికెట్ మీరు ఇచ్చిందేనా? దయచేసి ఈమెయిల్‌లోనే జవాబివ్వగలరు.’

‘ఈరోజుకు’ అన్న మాట వదలొద్దు. రెన్యూ చేయకపోతే సభ్యత్వం ఆగిపోవచ్చు, బ్రోచర్‌లో లోగో మాత్రం అలాగే ఉండిపోతుంది.

ఒక ఉదాహరణ

బాలానగర్ దగ్గర 200 గజాల ప్లాట్ చూశారనుకుందాం. బ్రోచర్‌పై ఒక గ్రూప్ పేరు, దాని కింద సంఘం లోగో ఉన్నాయి. రెరా పేజీలో ప్రమోటర్‌గా అదే గ్రూప్ పేరుతో మొదలయ్యే ఒక ఎల్‌ఎల్‌పీ ఉంది. ఏజెంట్ పంపిన సర్టిఫికెట్ మాత్రం ఒక ప్రైవేట్ లిమిటెడ్ పేరున ఉంది. మీరు రాసిన ఈమెయిల్‌కు సంఘం నుంచి ఇలా జవాబొచ్చింది: ‘ప్రైవేట్ లిమిటెడ్ గతంలో మా సభ్యురాలు, తర్వాత రెన్యూ చేయలేదు. ఎల్‌ఎల్‌పీ ఎప్పుడూ మా సభ్యురాలు కాదు.’

ఇక్కడ సర్టిఫికెట్ నకిలీది కాదు. కానీ మీకు ప్లాట్ అమ్ముతున్న సంస్థకు దానితో సంబంధం లేదు. మీరు సంతకం చేసేది ఎల్‌ఎల్‌పీతో కాబట్టి, మీ వరకు సభ్యత్వం లేనట్టే లెక్క.

ఇలాంటిదే మరో మెలిక ఉంది. ఎఫ్‌టీసీసీఐలో నేరుగా చేరిన సంస్థలే కాకుండా, అనుబంధంగా చేరిన వ్యాపార సంఘాలూ ఉన్నాయి. కంపెనీ అలాంటి ఒక సంఘంలో సభ్యురాలైతే అది నేరుగా ఎఫ్‌టీసీసీఐ సభ్యురాలైనట్టు కాదు. ప్రాపర్టీ షోలో స్టాల్ పెట్టడం, సంఘం అధ్యక్షుడితో ఫొటో దిగడం కూడా సభ్యత్వం కాదు.

జవాబు రాకపోతే?

ఇవి ప్రభుత్వ కార్యాలయాలు కావు కాబట్టి సమాచార హక్కు దరఖాస్తుతో సభ్యుల వివరాలు రాబట్టగలమని అనుకోవద్దు. మీకు జవాబివ్వాల్సిన గడువు కూడా వాటికి లేదు. వారం రోజులు చూసి ఆఫీసుకు ఫోన్ చేయండి. అప్పటికీ రాకపోతే, సంఘం అధికారిక ఈమెయిల్ నుంచే మీకు నిర్ధారణ వచ్చేలా చూడమని కంపెనీని అడగండి. నిజమైన సభ్యులకు అది పెద్ద పని కాదు. అదీ రాకపోతే ఆ లోగో లేదనుకుని మిగతా కాగితాలు చూసుకోండి. సంఘం మౌనాన్ని ‘అవును’గానూ, ‘కాదు’గానూ తీసుకోవద్దు.

కాదని తేలితే

సభ్యత్వం లేకపోవడం తప్పేం కాదు. చేరమని చట్టం చెప్పలేదు, ఏ సంఘంలోనూ లేకుండా సక్రమంగా వ్యాపారం చేసేవాళ్లూ ఉంటారు. తప్పల్లా లేనిది ఉందని చెప్పడమే. రెరా చట్టం, 2016లోని సెక్షన్ 7 దీన్ని సూటిగా ప్రస్తావిస్తుంది. ప్రమోటర్ తనకు లేని ఆమోదం గానీ, అనుబంధం గానీ ఉన్నట్టు చూపడాన్ని అక్రమ పద్ధతుల జాబితాలో చేర్చింది. అలాంటి పద్ధతులు పాటించే ప్రమోటర్ ప్రాజెక్టు రిజిస్ట్రేషన్‌ను రద్దు చేసే అధికారం రెరాకు ఉంది. తప్పుడు ప్రకటన నమ్మి అడ్వాన్స్ ఇచ్చి నష్టపోతే సెక్షన్ 12 కింద పరిహారం అడగవచ్చు. ప్రాజెక్టు నుంచి తప్పుకోవాలనుకుంటే కట్టిన సొమ్మును వడ్డీతో సహా వెనక్కి అడగవచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కూడా లేని అనుబంధం చెప్పుకోవడాన్ని అనుచిత వ్యాపార పద్ధతిగానే చూస్తుంది. ఆ దారిలో జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు.

ఎక్కడికి వెళ్లినా మూడు కాగితాలు కావాలి: లోగో ఉన్న బ్రోచర్, ఏజెంట్ సర్టిఫికెట్ పంపిన వాట్సాప్ చాట్, సంఘం ఇచ్చిన ఈమెయిల్ జవాబు. సంఘానికి రాయకముందే బ్రోచర్‌ను, కంపెనీ వెబ్ పేజీని తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఆరా తీస్తున్నారని తెలిశాక లోగో మాయమయ్యే అవకాశం ఉంది.