ఆ చిన్న స్క్రూ గురించి అడగండి

వాటర్ ప్యూరిఫయర్ కొనేటప్పుడు మనం అడిగే ప్రశ్న ఒక్కటే: "ఆర్ఓ ఉందా, యూవీ ఉందా?" ఇప్పుడు చాలావాటిలో రెండూ ఉంటాయి. మేము అడగమనేది ఇంకొకటి. లోపల టీడీఎస్ అడ్జస్టర్ అని ఒక చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని ఎంత తెరిచి పెట్టారు?

ముందు ఏది ఏం చేస్తుందో చూద్దాం. కార్బన్ ఫిల్టరు క్లోరిన్‌నీ, వాసననీ పట్టుకుంటుంది. క్లోరిన్ తగిలితే మెంబ్రేన్ పాడవుతుంది కాబట్టి దానికి కాపలా కూడా ఇదే. కరిగిన లవణాల జోలికి మాత్రం పోదు. యూవీ దీపం క్రిముల్ని చంపుతుంది, అదీ నీళ్ళు తేటగా ఉంటేనే. నీళ్ళలోంచి అది తీసేసేది ఏమీ లేదు. బోరు నీళ్ళలో ఉండే ఫ్లోరైడు, నైట్రేటు తగ్గించేది ఈ మూడింట్లో మెంబ్రేన్ ఒక్కటే. కావేరి నీళ్ళు మాత్రమే వచ్చే ఇళ్ళకు కార్బన్, యూవీ చాలు. అక్కడ ఆర్ఓ పెట్టడమంటే మంచి నీళ్ళు మోరీలో పోయడమే.

ఇక స్క్రూ సంగతి. మెంబ్రేన్ దాటిన నీళ్ళు చప్పగా ఉంటాయని, ఈ స్క్రూ తిప్పి కొంత నీటిని మెంబ్రేన్‌కు పక్కదారిలో పంపి మళ్ళీ కలుపుతారు. దాన్నే "మినరల్స్ నిలబెడతాం" అని చెప్తారు. పక్కదారిలో వచ్చేది బోరు నీళ్ళే కదా! కాల్షియంతో పాటు నైట్రేటూ వస్తుంది.

మా బిల్డింగు లెక్కే చెప్తాం. బోరు నీళ్ళ టీడీఎస్ 1200, నైట్రేటు లీటరుకు 150 మిల్లీగ్రాములు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం నైట్రేటు 45 దాటకూడదు. ఒక ఇంట్లో స్క్రూ మూసి చూస్తే టీడీఎస్ 80కి, నైట్రేటు 30కి దిగాయి. నైట్రేటును మెంబ్రేన్ మిగతా లవణాలంత బాగా ఆపదు, అందుకే అది అంతకంటే తగ్గలేదు. సర్వీసు కుర్రాడు వచ్చి "80 మరీ తక్కువ సార్" అని 250కి తిప్పాడు. అంటే నూరు పాళ్ళలో పదిహేను పాళ్ళు బోరు నీళ్ళు. నైట్రేటులో దాని వాటా 22, మెంబ్రేన్ వైపు నుంచి 26, మొత్తం 48. మీటరు మాత్రం 250 చూపించింది, అందరికీ సంతోషం! ఆ మీటరు మొత్తం లవణాల్ని అంచనా వేస్తుందే గానీ అందులో ఏది ఎంతో చెప్పలేదు.

ఆ ఇంట్లో డబ్బా పాలు తాగే పసిబిడ్డ ఉంది. ఆరు నెలల లోపు పిల్లలకు నైట్రేటు ఎక్కువైతే రక్తం ప్రాణవాయువును మోసే శక్తి తగ్గి ఒళ్ళు నీలంగా మారవచ్చు. కాచి పోస్తే పోతుందనుకుంటారు. నీళ్ళు ఆవిరైపోతాయి, నైట్రేటు అలాగే మిగులుతుంది, ఇంకాస్త చిక్కగా.

మరి చప్పటి నీళ్ళ మాటేమిటి? ఆ ప్రమాణంలో టీడీఎస్‌కు పై హద్దు ఉంది గానీ కింది హద్దు లేదు. కాల్షియం మనకు పాలు, పెరుగు, రాగిముద్దలోంచి వస్తుంది. రుచి కావాలంటే మెంబ్రేన్ తర్వాత మినరల్ కార్ట్రిడ్జ్ ఉన్నది కొనుక్కోవచ్చు, అది బోరు నీళ్ళు కలపదు. కాబట్టి బోరు మీద ఆధారపడ్డ ఇంట్లో, నీటి పరీక్షలో నైట్రేటు, ఫ్లోరైడు తక్కువే అని తేలేదాకా స్క్రూ పూర్తిగా మూసి ఉంచాలన్నది మా అభిప్రాయం.

మూసి ఉంచితే ఇంకో లాభం ఉంది. మెంబ్రేన్ ఎప్పుడు అరిగిందో తెలుస్తుంది. వచ్చే నీళ్ళు 1200గానే ఉండి, బయటికొచ్చేవి 80 నుంచి 200కి పాకితే మార్చే వేళైంది. స్క్రూ తెరిచి ఉంటే ఆ పెరుగుదల మెంబ్రేన్‌దో కలిపిన నీళ్ళదో చెప్పలేం.

ట్యాంకర్ ఇళ్ళకు ఇంకో చిక్కు. ఈ వారం ఒక బోరు, వచ్చే వారం ఇంకో బోరు. ఒక ట్యాంకరుకు చేయించిన పరీక్ష మరో దానికి పనికిరాదు. లోడు దిగగానే సంపు నీళ్ళ టీడీఎస్ చూసి గోడ మీది క్యాలెండర్‌లో రాసుకోండి. 600 ఉన్నది ఒక్కసారిగా 1300 అయితే బోరు మారిందన్న మాటే. అంకె మారలేదు కదా అని నిశ్చింత పడొద్దు, నైట్రేటు సంగతి దానికి తెలియదు. ట్యాంకర్ ఇంట్లో స్క్రూ ఎప్పుడూ మూసే ఉండాలి.

పరీక్షకు రెండు సీసాలు పంపండి: ఒకటి సంపులోది, ఒకటి ప్యూరిఫయర్ కుళాయిది. నైట్రేటు, ఫ్లోరైడు, మొత్తం గట్టిదనం, కోలిఫారం అని పేర్లు చెప్పి అడగండి. కోలిఫారానికి మాత్రం ల్యాబువాళ్ళిచ్చే శుద్ధి చేసిన సీసాలోనే పట్టి, చల్లగా ఉంచి అదే రోజు అందజేయాలి.