సెలవు తీసుకునే ఉత్తరం

మన ఇళ్ళలో గడప దాటే మనిషి "వెళ్తాను" అనడు, "వెళ్ళొస్తాను" అంటాడు. చిన్నపిల్లవాడు తెలియక "వెళ్తా" అంటే, వంటింట్లోంచి అమ్మమ్మ "వెళ్ళొస్తా ననాలిరా!" అని దిద్దుతుంది. ఒక్క క్రియ చేర్చడంతో మర్యాదా, ఆప్యాయతా రెండూ కలిసి వస్తాయి. ఇంగ్లీషులో ఉద్యోగం చేసేవాడికి ఆ సౌకర్యం లేదు. ఆఫీసు విడిచి వెళ్ళేరోజున ఆ ఒక్క మాట చెప్పడానికి అతడు ఏకంగా ఒక ఉత్తరమే వ్రాసుకోవలసి వస్తున్నది. అది కాగితంమీద కాదు, ఈమెయిల్లో.

నా దగ్గర ఒకప్పుడు తెలుగు చదువుకున్న కుర్రవాడొకడు ఈమధ్య అలాంటి ఉత్తరమే నాకు పంపించాడు. హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో 2021లో చేరి నాలుగేళ్ళు పనిచేశాడు. శుక్రవారంతో అక్కడి కొలువు సరి. "మాస్టారూ! తెలుగు మాస్టారికి ఇంగ్లీషు ఉత్తరం పంపుతున్నానని నవ్వకండి. తప్పులు దిద్దండి. మరీ పొడిగానూ ఉండకూడదు, మరీ కరిగిపోయినట్లూ ఉండకూడదు" అన్నాడు. నవ్వవలసిన పనేమీ లేదు. అతని తప్పులు ఇంగ్లీషు రాక చేసినవి కావు. తెలుగు బాగా వచ్చి చేసినవి! అతను వ్రాసింది ఇదీ:

"డియర్ ఆల్, టుడే ఈజ్ మై లాస్ట్ వర్కింగ్ డే. ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ ఫోర్ ఇయర్స్. ఐ లెర్న్‌డ్ మెనీ థింగ్స్. ఐ థాంక్ టు ఎవ్రీవన్. సమ్ పీపుల్ డిడ్ నాట్ రికగ్నైజ్ మై ఎఫర్ట్స్, బట్ ఐ హావ్ నో హార్డ్ ఫీలింగ్స్. ప్లీజ్ ఫర్‌గివ్ మీ ఇఫ్ ఐ డిడ్ ఎనీ మిస్టేక్స్. ఫర్ ఎనీ డౌట్స్, ప్లీజ్ రివర్ట్ టు మీ."

మొదట వ్యాకరణం సంగతి చూద్దాం. "నాలుగేళ్ళనుంచి పనిచేస్తున్నాను" అనేది నిక్షేపమైన తెలుగు వాక్యం. దాన్నే మాటకు మాట పెట్టి ఇంగ్లీషులోకి దించితే "ఐ యామ్ వర్కింగ్ సిన్స్ ఫోర్ ఇయర్స్" అయి కూర్చుంటుంది. మన "నుంచి" అనే మాట రెండు పనులు చేస్తుంది. "2021నుంచి" అన్నా చెల్లుతుంది, "నాలుగేళ్ళనుంచి" అన్నా చెల్లుతుంది. ఇంగ్లీషువాడు ఈ రెంటికీ రెండు మాటలు పెట్టుకున్నాడు. మొదలైన క్షణం చెబితే "సిన్స్". గడిచిన కాలం కొలిచి చెబితే "ఫర్". పైగా, నిన్న మొదలై నేటిదాకా సాగిన పనికి అతడు "యామ్ వర్కింగ్" అని ఊరుకోడు. "హావ్ వర్క్‌డ్" అంటాడు. కాబట్టి "ఐ హావ్ వర్క్‌డ్ హియర్ ఫర్ ఫోర్ ఇయర్స్" అనాలి.

"థాంక్ టు ఎవ్రీవన్" అన్నదీ అలాంటిదే. మనం "అందరికీ" కృతజ్ఞతలు చెబుతాం గదా! ఆ "కీ" అనే విభక్తి ఊరుకోక "టు" అయి వెంటబడి వచ్చింది. ఇంగ్లీషులో "థాంక్" అనే క్రియకు మధ్యవర్తి అక్కరలేదు. "ఐ థాంక్ ఎవ్రీవన్" అంటే చాలు. "థాంక్స్" అని నామవాచకంగా వాడితేనే "థాంక్స్ టు" అన్న మాటకు చోటు. అలాగే "మిస్టేక్" కూడా. మనం తప్పు "చేస్తాం" కనుక "డిడ్" అని వ్రాశాడు. ఇంగ్లీషువాడు తప్పును "మేక్" చేస్తాడు.

ఇక చివరి వాక్యం. ఈ "డౌట్స్", "రివర్ట్" అనే జంట మన దేశపు ఆఫీసుల్లో బాగా చలామణీలో ఉన్నది. "డౌట్" అంటే మనకు అడగవలసిన ప్రశ్న; బయటిదేశంవాడికి అపనమ్మకం. "మీకేమైనా డౌట్లుంటే" అని చదివిన అమెరికా సహోద్యోగి, ఇతని పనిమీద తనకు అనుమానం ఎందుకుండాలా అని ఆలోచనలో పడతాడు. "క్వశ్చన్స్" అనేస్తే గొడవ లేదు. "రివర్ట్" మరీ చిత్రం. మనవాళ్ళు "జవాబివ్వండి" అనే అర్థంలో వాడతారు. కాని ప్రోగ్రాములు వ్రాసేవాళ్ళలో ఆ మాటకు వేరే గట్టి అర్థం ఉన్నది: చేసిన మార్పును రద్దుచేసి పూర్వస్థితికి తెచ్చెయ్యడం. వెళ్ళిపోయేవాడు "రివర్ట్" అన్నాడంటే, నాలుగేళ్ళ పనీ తుడిచెయ్యమన్నట్టు ధ్వనిస్తుంది!

వ్యాకరణం ఇంతటితో సరి. అసలు చిక్కు అయిదో వాక్యంలో ఉన్నది. "కొందరు నా శ్రమను గుర్తించలేదు, అయినా నాకు మనసులో ఏమీ లేదు" అట. మనసులో ఏమీ లేనివాడు ఆ మాట ఎత్తడు. ఉత్తరం అందిన పాతికమందిలో ప్రతివాడూ ఆ "కొందరు" ఎవరా అని లెక్క మొదలుపెడతాడు. తనని కాదుగదా అని భయపడేవాడు ఒకడు, తననేనని మండిపడేవాడు మరొకడు. మిగతా ఆరు వాక్యాలూ ఎవరికీ గుర్తుండవు. రేపు వేరే కంపెనీవాళ్ళు ఇతన్నిగురించి వాకబు చేస్తే జవాబు చెప్పేది ఈ పాతికమందిలోంచే ఎవరో ఒకరు.

నేను ఫోనుచేసి అడిగాను. రెండేళ్ళు వరసగా ప్రమోషను తప్పిపోయిందని చెప్పాడు. బాధ నిజమే, దాన్ని మింగెయ్యమని నేననను. కాని దానికి చోటు వేరే ఉన్నది. వెళ్ళేముందు ఉద్యోగ వ్యవహారాల శాఖవాళ్ళు పిలిచి "ఎందుకు వెళ్తున్నారు?" అని అడిగే ఎగ్జిట్ ఇంటర్వ్యూ ఒకటి చాలా కంపెనీల్లో ఉంటుంది. తేదీలతో సహా అక్కడ నిదానంగా చెప్పుకోవచ్చు. సెలవు ఉత్తరంలోంచి మాత్రం ఆ వాక్యం పూర్తిగా కొట్టివేశాను. మెత్తబరచడానికి కూడా ప్రయత్నించలేదు. అలాంటి మాట ఎంత మెత్తబరిస్తే అంత ఎత్తిపొడుపుగా తయారవుతుంది.

"తప్పులుంటే మన్నించండి" అన్నది మన సభామర్యాద. తెలుగులో దాన్ని ఎవరూ తప్పు ఒప్పుకోవడంగా తీసుకోరు. కాని ఆ జట్టులో పూణేవాళ్ళున్నారు, అమెరికాలో ఇద్దరున్నారు. చివరి రోజున క్షమాపణ చదివితే "ఏం పాడుచేసి పోతున్నాడో!" అని వాళ్ళు కంగారుపడవచ్చు. అదే వినయాన్ని కృతజ్ఞతగా మార్చాను: "నా ప్రశ్నలను ఓపికగా భరించినందుకు మీకు ధన్యవాదాలు" అని.

ఇక "ఎన్నో నేర్చుకున్నాను" అన్న మాట. ఏం నేర్చుకున్నాడో చెప్పందే అది అచ్చుకార్డుమీది శుభాకాంక్షల్లాంటిది. ఎవరు ఎవరికైనా పంపవచ్చు. "ఒక్కటి చెప్పు" అన్నాను. కాసేపు ఊరుకుని ఒక రాత్రి సంగతి చెప్పాడు. వాళ్ళు చేసేది అమెరికాలో ఒక సంస్థకు బిల్లులు తయారుచేసే పని. అక్కడ తేదీలో నెల ముందు వ్రాస్తారు. మనం రోజు ముందు వ్రాస్తాం. వాళ్ళు ఏప్రిల్ 5ను 04/05 అని పంపితే, వీళ్ళ ప్రోగ్రాము దాన్ని మే 4 అని చదువుకుంటూ వచ్చింది. పన్నెండో తేదీదాకా ఎవరికీ పట్టుబడలేదు. పదమూడున 04/13 అని రాగానే, పదమూడో నెల అనేది లేదు గనుక మొత్తం ఆగిపోయింది. అందరూ కొత్తగా చేర్చిన ప్రోగ్రామును తిట్టుకుంటూ వెతుకుతుంటే, పరీక్షలు చూసే అమ్మాయి తెల్లవారుజామున నాలుగింటిదాకా కూర్చుని వచ్చిన లెక్కలనే ఒక్కొక్కటీ చదివి, తప్పు తేదీల్లో ఉన్నదని పట్టుకున్నదట. "ప్రోగ్రామును తిట్టేముందు దానికి పెట్టిన మేత చూడాలని ఆ రాత్రి తెలిసింది, మాస్టారూ!" అన్నాడు. ఉత్తరానికి కావలసిన ఆప్యాయత అదే. విశేషణాలు అక్కరలేదు.

అన్నీ కలిపి దిద్దిన ఉత్తరం ఇదీ. పేర్లకు బదులు అక్షరాలు పెట్టాను:

"డియర్ ఆల్,

టుడే ఈజ్ మై లాస్ట్ డే విత్ ది బిల్లింగ్ టీమ్. ఐ హావ్ వర్క్‌డ్ హియర్ ఫర్ ఫోర్ ఇయర్స్.

ఐ విల్ రిమెంబర్ ది నైట్ ది బిల్స్ స్టాప్డ్, వెన్ 'క' స్టేడ్ టిల్ ఫోర్ ఇన్ ది మార్నింగ్ అండ్ ఫౌండ్ ది రాంగ్ డేట్స్. ఐ లెర్న్‌డ్ దట్ నైట్ టు లుక్ ఎట్ ది డేటా బిఫోర్ బ్లేమింగ్ ది ప్రోగ్రామ్. థాంక్ యూ ఆల్ ఫర్ యువర్ పేషెన్స్ విత్ మై క్వశ్చన్స్.

'చ' విల్ లుక్ ఆఫ్టర్ మై వర్క్ ఫ్రమ్ మండే. ది నోట్స్ ఆర్ ఇన్ ది టీమ్ ఫోల్డర్.

ప్లీజ్ కీప్ ఇన్ టచ్. మై పర్సనల్ అడ్రస్ అండ్ ఫోన్ నంబర్ ఆర్ బిలో.

విత్ వార్మ్ రిగార్డ్స్,"

తన పని ఎవరికి అప్పగించాడో చెప్పే వాక్యం అతని చిత్తులో లేదు, నేను చేర్పించాను. ఆప్యాయత ఎంత ఉన్నా, సోమవారం ఉదయం ఎవర్ని అడగాలో తెలియకపోతే చదివేవాళ్ళకు విసుగే మిగులుతుంది. పని వివరాలన్నీ ఇందులో కుక్కవద్దు. వాటికి వేరే ఉత్తరం ఉండాలి. కొత్త కంపెనీ పేరూ, అక్కడి జీతమూ, బిల్లులు చేయించుకునే సంస్థ పేరూ ఇందులో ఉండకూడదు. 'క'ను ఒక్కతెనే పొగిడితే మిగతావాళ్ళు చిన్నబుచ్చుకుంటారేమోనని అడిగాడు. మరీ దగ్గరివాళ్ళు ముగ్గురో నలుగురో ఉంటే, వాళ్ళకు విడివిడిగా రెండేసి వాక్యాలు వ్రాసుకోమన్నాను. అందరి పేర్లూ ఒకేచోట వరసపెడితే, తప్పిపోయిన ఆ ఒక్క పేరే అందరికీ కనబడుతుంది.

పంపే వేళ కూడా ముఖ్యమే. చాలాచోట్ల ఆఖరిరోజు సాయంత్రం లాప్‌టాప్ అప్పజెప్పగానే ఆఫీసు ఈమెయిల్ మూసేస్తారు. అయిదింటికి పంపితే, వచ్చే జవాబులు ఎవరూ లేని ఇంటి తలుపు తట్టి తిరిగిపోతాయి. మధ్యాహ్నం భోజనాలయ్యాక పంపితే, చదివినవాళ్ళు రెండు మాటలు వ్రాయడానికీ, లేచివచ్చి చెయ్యి కలపడానికీ వ్యవధి ఉంటుంది. సొంత చిరునామా ఒక్క అక్షరం తప్పినా ఉత్తరం వ్రాసిన ఫలం దక్కదు గనుక, పంపేముందు దాన్ని తన సొంత చిరునామాకే ఒకసారి పంపించి చూసుకోమన్నాను.