షరతు రాయని ఫార్ములా షీట్ సగం షీటే

ఇంటర్మీడియట్‌లో భౌతికశాస్త్రం చదివే విద్యార్థుల పుస్తకాల మధ్య ఒక ఫార్ములా షీట్ తప్పకుండా కనిపిస్తుంది. కొందరు సొంతంగా రాసుకుంటారు. చాలామంది కోచింగ్ సెంటర్ ఇచ్చిన అచ్చు కాగితాన్నే వాడతారు. దాదాపు అన్నింటి అమరికా ఒకటే: పాఠాల వరుసలో శీర్షికలు, ఒక్కో శీర్షిక కింద పది పదిహేను సూత్రాలు. ప్రతి సూత్రం ఎప్పుడు పనిచేస్తుందో, ఎప్పుడు పనిచేయదో చెప్పే మాట మాత్రం అందులో ఉండదు. పరీక్షలో మార్కులు పోయేది తరచుగా అక్కడే.

ఒక చిన్న లెక్క చూద్దాం. నున్నని బల్ల మీద 0.5 కిలోల దిమ్మె ఉంది. దాన్ని ఒక స్ప్రింగ్‌కు ఆనించి 10 సెంటీమీటర్లు లోపలికి నొక్కి వదిలారు. స్ప్రింగ్ బల స్థిరాంకం మీటరుకు 200 న్యూటన్లు. స్ప్రింగ్ తన సహజ పొడవుకు చేరే క్షణంలో దిమ్మె వేగం ఎంత?

షీట్‌లో మొదట కంటపడేది v² = u² + 2as. విద్యార్థి లెక్క ఇలా సాగుతుంది: వదిలిన క్షణంలో బలం 200 × 0.1 = 20 న్యూటన్లు. ద్రవ్యరాశితో భాగిస్తే త్వరణం 40 m/s². దూరం 0.1 మీటరు. కాబట్టి v² = 2 × 40 × 0.1 = 8, వేగం సుమారు 2.83 m/s. గుణకారంలో పొరపాటు లేదు, ప్రమాణాలూ సరిపోయాయి. అయినా జవాబు తప్పు.

తప్పు ఎక్కడుంది? ఆ సూత్రం త్వరణం మారకుండా ఉన్నప్పుడే చెల్లుతుంది. ఇక్కడ స్ప్రింగ్ విచ్చుకునేకొద్దీ బలం తగ్గుతూ చివరికి సున్నా అవుతుంది. 20 న్యూటన్ల బలం మొదటి క్షణంలో మాత్రమే ఉంది. దారి పొడవునా సగటు బలం అందులో సగం, అంటే 10 న్యూటన్లు. కాబట్టి చేసిన పని 10 × 0.1 = 1 జౌలు. ½mv² = 1 అని రాస్తే వేగం సరిగ్గా 2 m/s వస్తుంది. బలాన్ని రెట్టింపు చేసి లెక్కించినందువల్ల v² రెట్టింపై, వేగం √2 రెట్లు ఎక్కువగా వచ్చిందన్నమాట.

ఈ పొరపాటుకు పాఠాలవారీ షీట్ కూడా కొంత కారణం. v² = u² + 2as సరళరేఖా గమనం పాఠంలో ఉంటుంది. పని-శక్తి సిద్ధాంతం మరో పాఠంలో, స్ప్రింగ్ డోలనాల పాఠంలో, భూమికి దూరంగా వస్తువు స్థితిజశక్తి గురుత్వాకర్షణ పాఠంలో ఉంటాయి. నాలుగు చోట్ల విడివిడిగా కనిపించేసరికి విద్యార్థి వాటిని నాలుగు వేర్వేరు సంగతులుగా గుర్తుపెట్టుకుంటాడు. నిజానికి అవి ఒకే ఇంటి పిల్లలు.

భావనను బట్టి షీట్ రాస్తే ఆ బంధుత్వం కనిపిస్తుంది. ‘పని, శక్తి’ అనే శీర్షిక కింద మొదట తల్లి సూత్రం రాయాలి: అన్ని బలాలూ కలిసి చేసిన పని గతిజశక్తిలో వచ్చిన మార్పుకు సమానం. దాని కింద దాని ప్రత్యేక రూపాలు ఇలా వస్తాయి.

v² = u² + 2as. ప్రమాణాలు: m/s, m/s², m. షరతు: త్వరణం స్థిరం, గమనం ఒకే సరళరేఖలో.

U = ½kx². ప్రమాణాలు: k కి N/m, x కి m, U కి J. షరతు: బలం సాగుదలకు అనులోమానుపాతంలో ఉండాలి, x ను సహజ పొడవు నుంచి కొలవాలి.

U = mgh. ప్రమాణాలు: kg, m/s², m, J. షరతు: భూవ్యాసార్ధం R తో పోలిస్తే h చాలా చిన్నది.

U = −GMm/r. షరతు: r ను భూమి కేంద్రం నుంచి కొలవాలి, వస్తువు భూమి బయట ఉండాలి.

ఇలా రాసుకున్నాక ఎటూ తోచనప్పుడు తల్లి సూత్రం దగ్గరికి వెళ్లవచ్చు. పై లెక్కలోనే బల్ల గరుకుగా ఉండి 1 న్యూటను ఘర్షణ ఉందనుకుందాం. కొత్త సూత్రం వెతకనక్కర్లేదు. ఘర్షణకు పోయిన 0.1 జౌలు తీసేస్తే 0.9 జౌలు మిగులుతుంది, వేగం సుమారు 1.9 m/s అవుతుంది.

షరతు రాసేటప్పుడు ‘చాలా చిన్నది’ అని వదిలేయకుండా, ఎంత చిన్నదో కూడా ఒక అంకెతో రాసుకోవడం మంచిది. mgh ఇచ్చే విలువ అసలు విలువకు (1 + h/R) రెట్లు ఉంటుంది. R సుమారు 6,400 కిలోమీటర్లు. 5 కిలోమీటర్ల ఎత్తున్న కొండ దగ్గర తేడా నూటికి 0.08 మాత్రమే, పట్టించుకోనక్కర్లేదు. 400 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహానికి తేడా నూటికి ఆరు దాటుతుంది. 36,000 కిలోమీటర్ల ఎత్తులోని భూస్థిర ఉపగ్రహానికి mgh వాడితే అసలు విలువకు ఆరున్నర రెట్లకు పైగా వస్తుంది. సూత్రం ఒక్కసారిగా తప్పైపోదు, మెల్లమెల్లగా పనికిరాకుండా పోతుంది. ఎంత తేడాను సహించవచ్చో లెక్క వేసేవాళ్లే తేల్చుకోవాలి.

ప్రమాణాలు సరిచూస్తే చాలదా అని కొందరు ఉపాధ్యాయులు అడుగుతారు. ప్రమాణాల వరుస ఉండాల్సిందే. k ను సెంటీమీటరుకు న్యూటన్లలో ఇచ్చినా, PV = nRT లో ఉష్ణోగ్రతను 300 కెల్విన్ బదులు 27 అని వేసినా పట్టించేది అదే. కానీ షరతు తప్పితే ప్రమాణాలు పట్టించలేవు. ఇందుకు పేరున్న ఉదాహరణ న్యూటన్‌దే. గాలిలో ధ్వని వేగానికి ఆయన ఇచ్చిన సూత్రం v = √(P/ρ). సున్నా డిగ్రీల సెల్సియస్ దగ్గర వాతావరణ పీడనం, గాలి సాంద్రత వేస్తే సుమారు 280 m/s వస్తుంది. ప్రమాణాలు నిక్షేపంగా ఉన్నాయి, కానీ కొలిచిన విలువ సుమారు 331. ధ్వని సాగేటప్పుడు గాలి ఉష్ణోగ్రత మారదన్నది ఆ సూత్రం వెనకున్న షరతు. సంపీడనాలు, విరళీకరణాలు ఎంత వేగంగా జరుగుతాయంటే, వేడి అటూ ఇటూ సర్దుకునే వ్యవధి ఉండదు. ఆ ప్రక్రియ స్థిరోష్ణకమని గుర్తించి లాప్లాస్ P ని γ తో గుణించాడు. గాలికి γ విలువ 1.4. అప్పుడు వేగం 331 దగ్గరికి వచ్చింది. γ కి ప్రమాణాలు లేవు కాబట్టి, అది లేని లోటును మితి విశ్లేషణ ఎప్పటికీ చూపలేదు.

షరతులు చేరిస్తే షీట్ పెరిగిపోతుందని, పరీక్ష ముందు రోజు అంత చదవలేమని మరో అభ్యంతరం ఉంది. ప్రతి షరతూ నాలుగైదు మాటలే. తల్లి సూత్రం కింద పిల్లల్ని చేర్చినప్పుడు, వేర్వేరు పాఠాల్లో మళ్లీ మళ్లీ రాసినవి తగ్గిపోతాయి కూడా. పైగా జేఈఈ మెయిన్, నీట్ వంటి పరీక్షల్లో బహుళైచ్ఛిక ప్రశ్నకు తప్పు జవాబు పెడితే ఒక మార్కు కోత పడుతుంది. షరతు మరిచి చేసిన లెక్కకు వచ్చే 2.83 కూడా నాలుగు ఆప్షన్లలో ఒకటిగా ఉండవచ్చు. అది కనబడగానే తన లెక్క సరైనదేనని విద్యార్థి నమ్మేస్తాడు.

అచ్చు షీట్ ఇచ్చే ఉపాధ్యాయులు చేయగలిగిన మార్పు పెద్దదేమీ కాదు. సూత్రం, ప్రమాణాలు వాళ్లే ఇచ్చి, షరతు గడిని ఖాళీగా వదిలేయవచ్చు. ఆ సూత్రాన్ని పాఠంలో రాబట్టిన చోటికి వెళ్లి, ఏ మెట్టులో ఏ రాశి మారదని అనుకున్నారో వెతికితేనే ఆ గడి నిండుతుంది. v² = u² + 2as ను రాబట్టేటప్పుడు a ని స్థిరాంకంగా తీసుకున్న వరుస దగ్గర ఒక్కసారి ఆగి చూసిన విద్యార్థి, స్ప్రింగ్ లెక్క రాగానే ఆ సూత్రాన్ని వాడే ముందు ఒక క్షణం ఆలోచిస్తాడు.