చొక్కా మీది పేరు వార్త కాదు

గ్రామాలలో కబడ్డీ, వాలీబాల్ పోటీలు జరిగినప్పుడు గెలిచిన జట్టు ఫోటో పేపరులో పడాలని ఊరంతా ఆశపడటం సహజం. మర్నాడు పేపరు తెరిస్తే వార్త ఉంటుంది, ఫోటో ఉండదు. తమ పిల్లలంటే పత్రికకు లెక్కలేదా అని పెద్దలు నొచ్చుకుంటారు. కాని చాలాసార్లు అసలు కారణం వేరు. ఆ ఫోటోలో పిల్లల ముఖాల కంటే వారి చొక్కాల మీద ఉన్న ఎరువుల కంపెనీ పేరే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వెనక ఫ్లెక్సీ మీద అదే పేరు, ముందు బల్ల మీద కూల్‌డ్రింకు సీసాలు. అది వార్త ఫోటోనా, ప్రకటనా అన్నది చూసినవారికి తెలియదు.

పోటీలకు బనియన్లు పంచిన వ్యాపారిది తప్పని ఎవరూ అనరు. ఆయన సాయం ఆయన చేశాడు. అయితే పత్రికలో ప్రకటనకు సెంటీమీటరు లెక్కన డబ్బు కట్టాలి. పన్నెండు బనియన్లు పంచి అదే చోటు ఉచితంగా సంపాదిస్తే, డబ్బు కట్టిన వ్యాపారికి అన్యాయం జరుగుతుంది. పైగా వార్తల పేజీలో కనిపించిన పేరుకు పత్రిక హామీ ఉన్నదని అమాయకులు నమ్మే ప్రమాదమూ ఉంది. ఇక సిగరెట్లు, గుట్కాల వంటి పొగాకు సరుకుల ప్రకటనలను 2003 నాటి కేంద్ర చట్టమే నిషేధించింది. కిళ్లీ కొట్టు ముందు ఫోటో తీసేవారు దీనిని గుర్తుంచుకోవాలి.

పేరు కప్పవలసినది ఫోటో తీయకముందే గాని, తీసిన తరువాత కాదు. రెండు నిమిషాల పని. సీసాల మీది కాగితం వెనక్కి తిప్పవచ్చు, లేదా సీసాలే బల్ల కిందికి దించవచ్చు. ఫ్లెక్సీ ఎదురుగా కాక పక్కగా బడి గోడనో, చెట్టునో వెనక పెట్టుకుని జట్టును నిలబెట్టవచ్చు. బనియను మీది పేరుకు అడ్డంగా కప్పునో, ప్రశంసాపత్రాన్నో రొమ్ము దగ్గర పట్టుకోమంటే సరిపోతుంది. వెనక వరుస వారి రొమ్ములను ముందు వరుస వారి తలలు కప్పుతాయి. బనియను తిరగేసి తొడుక్కోమనటం కూడా మంచి ఉపాయమే. కాని పలుచని తెల్ల గుడ్డయితే అక్షరాలు తిరగబడి లోపలినుంచి కనిపిస్తాయి. ముదురు రంగు గుడ్డకే అది పనికివస్తుంది.

కొందరు కరెంటు పనికి వాడే నల్ల టేపు అంటిస్తారు. తెల్ల చొక్కా మీద నల్ల పట్టీ ఉంటే అందరి చూపూ ముందు అక్కడికే పోతుంది. అది మెరుస్తుంది కూడా. ఫ్లాష్ పడితే తెల్లగా వెలుగుతుంది. గుడ్డ రంగులోనే ఉండి మెరవని పట్టీ కావాలి. తెల్ల చొక్కాకు గాయాలకు వేసే తెల్ల గుడ్డ ప్లాస్టరు చాలు. అన్నీ కప్పామనుకున్నాక టోపీ, చేతి అంచు, చెప్పులు, పక్కనున్న స్కూటరు అద్దం మరొక్కసారి చూసుకోవాలి. మిగిలిపోయేది ఎప్పుడూ అక్కడే.

ప్రతి పేరుకూ ఇంత హైరానా అక్కరలేదు. పేపరులో అచ్చయ్యే ఫోటో సన్నని చుక్కల కూర్పు. పత్రికలలో సాధారణంగా అంగుళానికి 85 వరుసల చుక్కలుంటాయి. అంటే మిల్లీమీటరుకు మూడు చుక్కల పైచిలుకు. పన్నెండుమంది అయిదు మీటర్ల వెడల్పున నిలబడ్డారనుకుందాం. ఆ ఫోటో ఎనిమిది సెంటీమీటర్ల వెడల్పుతో అచ్చయితే, చొక్కా మీది అయిదు సెంటీమీటర్ల అక్షరం పేపరులో 0.8 మిల్లీమీటరుకు కుంచించుకుపోతుంది. మూడు చుక్కలైనా రావు, ఎవరూ చదవలేరు. అదే ఫోటోలో ముగ్గురిని మాత్రమే ఉంచి, ఒకటిన్నర మీటరు వెడల్పు భాగాన్ని కత్తిరించి అంతే సైజులో వేస్తే ఆ అక్షరం 2.7 మిల్లీమీటర్లు అవుతుంది. తొమ్మిది చుక్కలు పడతాయి, పేరు స్పష్టంగా చదవవచ్చు. కనుక దగ్గరనుంచి తీసే ఫోటోకే జాగ్రత్త ఎక్కువ కావాలి. అయితే ఇదే ఫోటో ఫోనులో పెద్దదిగా చేసి చూసేవారూ ఈనాడు చాలామంది ఉన్నారు. వారికి ఈ చుక్కల లెక్క వర్తించదు.

ముందు కప్పటం కుదరకపోతే మొదటి మార్గం అంచు కత్తిరించటం. అదీ కుదరకపోతే ఆ చోట నిండు రంగు ముక్క వేయాలి. ఫోనులో నల్ల హైలైటరు పెన్నుతో నాలుగు గీతలు గీసి పంపేవారు ఒకటి గమనించాలి. ఆ సిరా పూర్తిగా కప్పదు. వెలుతురు పెంచి చూస్తే కింది అక్షరాలు బయటపడతాయి. గళ్లు గళ్లుగా మసకచేసినా గళ్లు చిన్నవయితే తెలిసిన పేరును పోల్చుకోవచ్చు. పంపేముందు వెలుతురు పూర్తిగా పెంచి ఒకసారి చూసుకుంటే లోపం తెలిసిపోతుంది. ఇక పేరు కప్పినా సీసా రంగును, ఆకారాన్ని బట్టి ఫలానా అని గుర్తుపట్టేవారుంటారు. అంతకు మించి చేయగలిగింది లేదు, చేయనవసరమూ లేదు.

పేరును చెరిపేసి, అక్కడ మొదటినుంచీ ఉత్త గుడ్డే ఉన్నట్టు రంగులద్దటం మాత్రం సమంజసం కాదు. 1982 ఫిబ్రవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ముఖచిత్రం కోసం ఈజిప్టు పిరమిడ్లను కంప్యూటరు సాయంతో దగ్గరకు జరిపితే తీవ్ర విమర్శలు వచ్చాయి. కప్పినట్టు తెలిసేలా కప్పటం నిజాయితీ. లేనట్టు చూపటం అబద్ధం. ఫోటో కింద 'వ్యాపార నామాలు కప్పటమైనది' అని ఒక్క ముక్క రాస్తే ఏ పేచీ ఉండదు.

వీటన్నిటికీ మించి, పేరే వార్త అయిన చోట దానిని కప్పరాదు. విత్తనాలు మొలకెత్తక నష్టపోయిన రైతు ఖాళీ ప్యాకెట్టు పట్టుకుని నిలబడ్డప్పుడు ఆ ప్యాకెట్టు చొక్కా మీది రాత వంటిది కాదు, అది సాక్ష్యం. దాని మీద రకం పేరు, లాట్ నెంబరు, పరీక్ష చేసిన తేదీ, మొలక శాతం ఉంటాయి. అవి కప్పితే మేలు కంపెనీకే గాని రైతుకు కాదు. విత్తనం తప్పా, వాన తప్పా అన్నది ఇంకా తేలలేదు గనుక పేపరులో పేరు వేయటానికి పత్రిక జంకవచ్చు. కంపెనీ మాట కూడా అడిగేవరకు ఆగటం న్యాయమే. అటువంటప్పుడు రెండు ఫోటోలు తీయాలి. ప్యాకెట్టు వెనక్కి తిప్పి పట్టుకున్నది పత్రికకు, లాట్ నెంబరు చదవగలిగేంత దగ్గరగా తీసినది వ్యవసాయాధికారికి. ప్యాకెట్టునూ, కొన్న బిల్లునూ పారేయకుండా దాచుకోవాలి. ఫోనులో మార్కు వేసింది కాపీ మీదయి ఉండాలి, అసలు ఫోటో చెక్కుచెదరకూడదు.

బనియను మీద ఎవరి పేరున్నా ఆటలో గెలుపు పిల్లలది. మొలకెత్తని విత్తనం ప్యాకెట్టు మీది పేరు మాత్రం జవాబు చెప్పవలసినవాడిది. కప్పటానికి చెయ్యి ఎత్తేముందు ఆ రెండింటిలో ఏది తమ ముందున్నదో ఫోటో తీసేవారు తేల్చుకోవాలి.