తిట్టులోపల ఒక ప్రశ్న ఉంటుంది

బ్యాంకు చాట్‌బాట్‌కి జనం ఏమేం రాస్తారో తెలుసా? బ్యాలెన్సెంత, కొత్త ఏటీఎం కార్డు ఎప్పుడొస్తుంది, ఇవన్నీ సరే. వాటి మధ్యలోనే ‘ఇవాళ మ్యాచ్ ఎవరు గెలుస్తారు’ అని ఒకరు, ‘మా ఆవిడ పుట్టినరోజుకి నాలుగు లైన్లు రాసిపెట్టు’ అని ఇంకొకరు. ఇక్కడ రాయలేని మాటలు రాసేవాళ్లూ ఉంటారు. వీటన్నిటికీ ఏం జవాబివ్వాలో ముందే కూర్చుని రాసిపెట్టేది మనుషులే. నేను చేసేది ఆ పనే. అందుకే ఈ ముచ్చట.

మ్యాచ్ సంగతి అడిగినవాళ్లతో పెద్ద చిక్కేమీ లేదు. ‘ఆ సంగతి ఇక్కడ చెప్పలేనండి. ఖాతా, కార్డు, లోన్ గురించైతే చూస్తాను’ అని, కింద రెండు మూడు బటన్లు పెడితే అయిపోతుంది. మనవాళ్లు దీన్ని చెడగొట్టేది ఎక్కువ రాసి. ముందొక క్షమాపణ, తర్వాత బాట్ ఎందుకు పుట్టిందో ఒక పేరా, చివర ఇంకో క్షమాపణ. ‘మీ అభ్యర్థనకు సహాయం అందించబడదు’ లాంటి వాక్యమైతే మరీ దారుణం. అలా ఎవరు మాట్లాడతారు? మనిషి చూసేది ఒక్కటే, ఇక్కడ పని అవుతుందా కాదా అని. అది మొదటి మాటలోనే తెలిసిపోవాలి. అదే మనిషి ఇంకోసారి మ్యాచ్ గురించే అడిగితే అదే వాక్యం మళ్లీ పెట్టకూడదు. రెండోసారికి వేరే మాట, ఇంకా చిన్న మాట ఉండాలి.

గీత దగ్గర నిలబడే ప్రశ్నలు వేరే. ‘బంగారం ధరెంత?’ అంటే బ్యాంకు పనా, కాదా? గోల్డ్ లోన్ కోసం అడుగుతున్నారేమో. అలాంటప్పుడు కాదనేకంటే ‘గోల్డ్ లోన్ కోసమా అండి?’ అని అడిగేస్తే పోయేదేముంది? ‘ఎఫ్‌డీ తీసేసి షేర్లు కొననా?’ అనేది ఇంకో రకం. అందులో సగం మన పనే. గడువుకి ముందే ఎఫ్‌డీ తీస్తే వడ్డీ ఎంత తగ్గుతుందో చెప్పొచ్చు. షేర్లు కొనాలా వద్దా అన్నది మాత్రం బాట్ చెప్పకూడదు. సగం చెప్పి, మిగతా సగం చెప్పలేనని ఆ జవాబులోనే అనాలి. మొత్తానికి మొత్తం తోసేస్తే అడిగినాయనకి చేతిలో ఏమీ మిగలదు.

ఇక తిట్లు. 2024 జనవరిలో బ్రిటన్‌లో డీపీడీ అనే పార్సిళ్ల కంపెనీ బాట్‌ని ఒక కస్టమర్ మాటల్లో పెట్టి, దానిచేతే బూతులు మాట్లాడించాడు, ఆ కంపెనీనే తిడుతూ కవిత కూడా రాయించాడు. కంపెనీ బాట్‌లోని ఏఐ భాగాన్ని ఆపేయాల్సి వచ్చింది. ఇలాంటిది ఒక్కటి బయటికొస్తే చాలు, ప్రతి బ్యాంకులోనూ భయం మొదలవుతుంది. ఆ భయంలో అందరికీ ముందు తట్టేది తిట్ల జాబితా. ఆ మాటల్లో ఏ ఒక్కటి కనిపించినా తలుపు మూసెయ్యమంటారు. నాకు అసలు భయం అక్కడే.

ఎందుకో ఒక మెసేజ్ పెట్టుకుని చూద్దాం. ‘ఒరేయ్ దొంగ సచ్చినోళ్లారా, నా అకౌంట్లో 18 వేలు కొట్టేశారు’. జాబితా ఏం చేస్తుంది? ‘ఒరేయ్’ పట్టుకుంటుంది, ‘దొంగ’ పట్టుకుంటుంది, ‘సచ్చినోళ్లారా’ పట్టుకుంటుంది. ‘కొట్టేశారు’ని కొడతామనే బెదిరింపు అనుకున్నా అనుకోవచ్చు. దయచేసి మర్యాదగా మాట్లాడండి, లేకపోతే చాట్ ఆపేస్తాం అని జవాబు పోతుంది. అవతల మనిషి డబ్బు అప్పుడే ఎవరి ఖాతాలోకో పోతోంది. మనం ఆయనకి మర్యాద నేర్పుతున్నాం. అంతకన్నా అమర్యాద ఇంకేముంటుంది?

దీనికి దారి, ప్రతి మెసేజ్‌నీ రెండు వేరు ప్రశ్నలతో చూడటం. ఏం అడుగుతున్నారు అన్నది ఒకటి. ఎలా అడుగుతున్నారు అన్నది రెండోది. రెండిటికీ వేరువేరు గుర్తులు పెట్టాలి, మొదటిదాన్ని బట్టే జవాబు వెళ్లాలి. ఇక్కడ మొదటిదానికి జవాబు, తెలియకుండా డబ్బు పోయింది అని. రెండోదానికి, కోపం అని. కాబట్టి జవాబు ఇలా ఉండాలి: ‘ముందు మీ డబ్బు సంగతి చూద్దామండి. ఈ లావాదేవీ మీరు చేసింది కాకపోతే, ఇంకేమీ పోకుండా కార్డు, యూపీఐ ఇప్పుడే ఆపేద్దాం.’ కింద ఆపే బటన్. ఆ వెంటనే సైబర్ మోసాల నంబరు 1930. డబ్బు ఇంకా ఖాతాల్లో తిరుగుతుండగా ఫిర్యాదు అందితే దాన్ని అక్కడ ఆపే వీలుంటుంది, ఏటీఎం నుంచి తీసేశాక కష్టం. తప్పు బ్యాంకుదీ కస్టమర్‌దీ కాకుండా మూడోవాళ్లది అయితే, బ్యాంకు నుంచి సమాచారం అందాక మూడు పనిదినాల్లోపు చెప్పినవాళ్ల మీద నష్టం పడకూడదని రిజర్వు బ్యాంకు 2017 జులైలోనే చెప్పింది. అంటే మనం మర్యాద పేరుతో ఆపిన ప్రతి గంటా ఆయన గడువులోంచి పోయినట్టే.

ఇంకో సంగతి గమనించారా? ఆ జవాబులో తిట్టు గురించి ఒక్క మాటా లేదు. మంచి క్యాషియర్ కౌంటర్ దగ్గర చేసేదీ అదే. తిట్టు వినపడనట్టు పాస్‌బుక్ తీసుకుంటాడు. చాలామంది డబ్బు జాడ తెలియగానే వాళ్లంతట వాళ్లే చల్లబడతారు.

మరి ప్రశ్నే లేకుండా తిట్టేవాళ్లో? మొదటిసారి ‘ఏదో ఇబ్బంది అయినట్టుంది. ఏం జరిగిందో చెప్తారా?’ అంటే చాలు. రెండోసారి సూటిగా ఒక్క మాట: ‘ఇలాంటి మాటలకి ఇక్కడ జవాబివ్వలేనండి. ఖాతా సంగతి ఉంటే చెప్పండి.’ ఆ తర్వాతా అదే అయితే, మనిషితో మాట్లాడే దారి చూపించి చాట్ ముగించొచ్చు. కానీ కార్డు ఆపే బటన్ మాత్రం అప్పుడూ ఉండాలి. ఎంత తిట్టినవాడైనా ఖాతాదారే. ఈ జవాబులన్నీ మనిషి రాసి పెట్టినవే పోవాలి. అప్పటికప్పుడు మెషీన్‌ని అల్లనిస్తే, రెచ్చగొట్టేవాడు దాన్ని ఎటైనా లాక్కుపోతాడు.

ఒక్క చోట మాత్రం ఈ మెట్లేవీ పనికిరావు. ‘ఓటీపీ రాక చచ్చిపోతున్నా’ అంటే అది విసుగు. ‘ఈఎంఐ కట్టలేకపోతున్నా, బతకాలని లేదు’ అంటే అది విసుగు కాదు. దీన్ని సంబంధం లేని విషయం కింద తోసెయ్యకూడదు, ఈఎంఐ అన్న మాట చూసి వాయిదా పట్టికా చూపించకూడదు. వెంటనే మనిషికి అప్పగించాలి, టెలీ మానస్ నంబరు 14416 ఇవ్వాలి. విసుగా, నిజమా అని బాట్‌కి అనుమానమొస్తే నిజమనే అనుకోవాలి.

ఇదంతా సరిగా పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుందంటారా? కాదన్న చాట్లు తీసి, ఖాతా నంబర్లు కనపడకుండా చేసి, కాదన్న తర్వాత ఆ మనిషి ఏం రాశాడో చదవాలి. నవ్వేసి వెళ్లిపోయాడా, బటన్ నొక్కాడా, లేక అదే సంగతి ఇంకో మాటల్లో మళ్లీ రాశాడా? మళ్లీ రాశాడంటే చాలావరకు మనమే తప్పుగా కాదన్నట్టు. మన దగ్గర ఇది ఎక్కువ కనపడేది తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాళ్ల దగ్గర. naa dabbulu poyayi అని ఒకరు, na dabbul poyinay అని ఇంకొకరు రాస్తారు. పరీక్షకి పుస్తకాల తెలుగు మెసేజ్‌లే పెట్టుకుంటే బాట్ అన్నిట్లోనూ పాసైపోతుంది. వరంగల్ మాటా, శ్రీకాకుళం మాటా, కోపంలో అక్షరాలు తప్పిన మాటా ఆ పరీక్షలో ఉండాలి.