మిగిలిపోయిన వాన కాదు ఇది

ఏటా అక్టోబరు సగానికి వచ్చేసరికి నైరుతి రుతుపవనాలు దేశం నుంచి పూర్తిగా నిష్క్రమించాయన్న ప్రకటన వెలువడుతుంది. దాంతో వానాకాలం అయిపోయిందని చాలామంది తీర్మానించుకుంటారు. ఆ తర్వాత నెల్లూరులోనో తిరుపతిలోనో కుండపోతగా కురిస్తే అకాల వర్షాలని పేరు పెడతారు. బడి పుస్తకం దీన్ని తిరోగమన రుతుపవనాలని చెబుతుంది. వచ్చిన గాలులు వెనక్కి మళ్లి, పోతూపోతూ బంగాళాఖాతం మీద తేమ పీల్చుకుని తూర్పు తీరాన కురుస్తాయన్నది దాని వివరణ. తుఫాను మాట వస్తే అది ఈ లెక్కలో చేరని వేరే విపత్తు అంటారు. అకాలమన్న మాట, తిరోగమనమన్న మాట, తుఫాను వేరన్న మాట, ఈ మూడూ ఒకే పొరపాటు నుంచి పుట్టాయని నా వాదన. ఆగ్నేయ తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడేది జూన్‌లో మొదలైన వాన తాలూకు మిగులు కాదు. దానిదే ఒక కాలం, దానిదే ఒక యంత్రాంగం. తుఫాను ఆ యంత్రాంగం లోపలిదే.

ముందు బడి పుస్తకం వివరణనే పరీక్షిద్దాం. ఈశాన్య గాలులు సముద్రం దాటుతూ తేమ తెచ్చుకుంటాయన్నది నిజమే. కానీ అదే వానకు కారణమైతే ఆ గాలి ఎప్పుడు బలంగా, నిలకడగా వీస్తుందో అప్పుడే వాన ఎక్కువగా పడాలి. ఈశాన్య గాలి బలపడి నిలకడగా వీచేది డిసెంబరు, జనవరి నెలల్లో. నెల్లూరు, చెన్నై తీరాల్లో వాన ఉద్ధృతంగా ఉండేది అక్టోబరు చివర, నవంబరులో. జనవరికి వచ్చేసరికి గాలి అదే దిక్కు నుంచి అదే సముద్రం మీదుగా వస్తూనే ఉంటుంది, ఆకాశం మాత్రం చాలావరకు తేటగా ఉంటుంది. అంటే తేమ ఉన్నంత మాత్రాన వాన రాదు. ఆ తేమను పైకెత్తే శక్తి ఒకటి కావాలి. పైకి లేచిన గాలి చల్లబడితేనే మేఘం, మేఘం ఎత్తుగా పెరిగితేనే భారీ వాన. జనవరిలో ఉత్తరాది నుంచి దిగే పొడిగాలి మందంగా పరుచుకుని ఆ ఎదుగుదలను అణిచేస్తుంది. నవంబరులో పైకెత్తే పని చేసేది అల్పపీడన ద్రోణి, దాని వెంట పుట్టే అల్పపీడనాలు, వాయుగుండాలు, తుఫానులు.

ఈ ద్రోణి కదలికను పట్టుకుంటే మిగతా కథంతా విప్పుకుంటుంది. జూలైలో అది గంగా మైదానం మీద ఉంటుంది. అప్పుడు పుట్టే అల్పపీడనాలు ఎక్కువగా బంగాళాఖాతం ఉత్తర కొసన పుట్టి, త్వరగా ఒడిశా మీదుగా భూమి ఎక్కేస్తాయి. వాటికి సముద్రం మీద ఎదిగే వ్యవధి దొరకదు. పైగా ఆ నెలల్లో కింద పడమటి గాలి, పైన పది కిలోమీటర్లకు మించిన ఎత్తున తూర్పు నుంచి వేగంగా దూసుకొచ్చే గాలి ఉంటాయి. కిందొక దిక్కు, పైనొక దిక్కు లాగుతుంటే తుఫాను నిటారుగా నిలబడలేదు. అందుకే నైరుతి ఉద్ధృతంగా ఉన్న జూలై, ఆగస్టుల్లో బంగాళాఖాతంలో పెద్ద తుఫానులు అరుదు. సెప్టెంబరు తర్వాత సూర్యుడు దక్షిణానికి జరిగి ఉత్తరాది నేల చల్లబడుతుంది, అక్కడ పీడనం పెరుగుతుంది. ద్రోణి కిందికి దిగి అక్టోబరుకల్లా బంగాళాఖాతం మీదికి చేరుతుంది. సముద్రపు నీరు ఇంకా వెచ్చగానే ఉంటుంది, పైగాలికీ కింది గాలికీ మధ్య పెనుగులాట తగ్గుతుంది. వాయుగుండానికి వెచ్చని నీటి మీద నాలుగైదు రోజుల ప్రయాణం దొరుకుతుంది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెనలో ముంచిన తుఫాను, 1999 అక్టోబరు 29న ఒడిశాను ఊడ్చేసిన సూపర్ సైక్లోన్, 2014 అక్టోబరు 12న విశాఖ మీద విరుచుకుపడిన హుద్‌హుద్, ఇవన్నీ ఈ కిటికీలోనే పుట్టాయి. నెల్లూరు చెరువులు నింపే వానా ఈ కిటికీలోంచే వస్తుంది.

మిగులు అన్న మాటను తేల్చేయడానికి ఒక ఏడాది చాలు. ఈశాన్య వాన నైరుతి శేషమే అయితే, నైరుతి బలహీనపడిన ఏడాది అదీ బలహీనపడాలి. 2015లో ఎల్‌నినో బలంగా ఉంది. దేశం మొత్తం మీద నైరుతి వర్షపాతం సగటు కంటే 14 శాతం తగ్గింది. అదే ఏడాది అక్టోబరు, డిసెంబరు మధ్య తమిళనాడులో సాధారణం కంటే సగానికి పైగా ఎక్కువ వాన పడి చెన్నై మునిగింది, నెల్లూరు జిల్లా నీళ్లలో చిక్కుకుంది. ఇది ఆ ఒక్క ఏటి విచిత్రం కాదు. ఎల్‌నినో సాధారణంగా నైరుతిని దెబ్బతీస్తుంది, ఈశాన్యానికి చాలాసార్లు ఊతమిస్తుంది. పసిఫిక్‌లో వచ్చిన ఒకే మార్పుకు రెండు కాలాలు ఎదురెదురుగా స్పందిస్తుంటే ఒకదాన్ని రెండోదాని తోక అనడం ఎలా కుదురుతుంది?

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. వాన వేరు, తుఫాను వేరు కదా, చెరువు నింపే జల్లునీ ఊరు ఊడ్చే గాలినీ ఒక గాటన కట్టడమేమిటని. తేడా ఉంది, కానీ అది ఎక్కడుందో చూడాలి. మన వాతావరణ శాఖ లెక్కలో గాలి గంటకు 31 కిలోమీటర్ల వేగం అందుకుంటే అల్పపీడనం వాయుగుండమవుతుంది, 50 దగ్గర తీవ్ర వాయుగుండం, 62 దాటితే తుఫాను. పేరు పెట్టేదీ అప్పుడే. ఈ మెట్లన్నీ గాలి వేగాన్ని కొలిచేవి. ఎంత వాన కురుస్తుందో వీటిలో ఏదీ చెప్పదు. వాన ఎంతన్నది ఆ వ్యవస్థ ఎంత తేమ లాక్కుంటోంది, ఎంత నెమ్మదిగా కదులుతోంది, దారిలో కొండలు అడ్డున్నాయా అన్నవాటి మీద ఆధారపడుతుంది. 2016 డిసెంబరు 12న వర్దా తుఫాను చెన్నై దగ్గర తీరం దాటి నగరంలో వేల చెట్లను కూల్చింది. ఆ ఏడాది తమిళనాడులో ఈశాన్య వర్షపాతం 62 శాతం తక్కువ, మరుసటి ఏడాది చెన్నైలో తాగునీటి కటకట. 2021 దానికి తలకిందులు. ఆ అక్టోబరు, డిసెంబరు మధ్య తమిళనాడు, ఆంధ్ర తీరాలను తుఫాను స్థాయిలో దాటింది ఒక్కటీ లేదు. అయినా దక్షిణాదిలో ఆ కాలపు వర్షపాతం 1901 నుంచి ఉన్న లెక్కల్లో అత్యధికమైంది. పేరున్న తుఫాను వచ్చిన ఏడాది కరువు, ఆ మూడు నెలల్లో పేరున్నదేదీ ఈ తీరాలు దాటని ఏడాది వరద. పేరును బట్టి ప్రమాదాన్ని అంచనా వేసే అలవాటు ఎంత దూరం తప్పిందో ఈ రెండేళ్లు పక్కపక్కన పెడితే కనిపిస్తుంది.

2021 నవంబరులో కడప జిల్లాలో జరిగింది ఈ అలవాటుకు చెల్లించిన మూల్యం. నవంబరు 11న ఒక వాయుగుండం చెన్నై దగ్గర తీరం దాటింది. దాని వానతో రాయలసీమ తూర్పు భాగంలో నేల నానిపోయింది, చెరువులు నిండాయి. ఎనిమిది రోజులకు, 19వ తేదీ తెల్లవారుజామున, మరో వాయుగుండం పుదుచ్చేరి, చెన్నై మధ్య నేలెక్కింది. అది తీవ్ర వాయుగుండం కూడా కాదు. దాని ఉత్తరపు అంచున సముద్రం నుంచి నేరుగా తోసుకొచ్చిన తూర్పు గాలి తిరుమల కొండలకు, శేషాచలానికి కొట్టుకుని పైకి లేచింది. కురిసిన నీటిని ఇంకించుకోవడానికి నానిన నేలలో చోటు లేదు. ఎగువన పింఛా ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ నీరు, బాహుదా నీరు కలిసి చెయ్యేరు మీది అన్నమయ్య జలాశయానికి ఒక్కసారిగా చేరాయి. స్పిల్‌వే వదలగలిగిన దానికంటే ఎక్కువ వరద రావడంతో 19వ తేదీ ఉదయం మట్టికట్ట కొట్టుకుపోయింది. దిగువన పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట వంటి ఊళ్లు వరద దారిలో పడ్డాయి, పదుల మంది చనిపోయారు. సముద్రానికి ఇంత దూరాన, గాలికి ఒక చెట్టు కూలేంత బలం కూడా లేని రోజున ఇది జరిగింది. తుఫాను కాదు, వాయుగుండమే అన్న మాట ఆ రాత్రి ఎవరికైనా ధైర్యమిచ్చి ఉంటే, అది గాలి విషయంలోనే నిజం.

మరి జలాశయాలు నవంబరులో ఖాళీగా ఉంచాలా, 2016 లాంటి ఏడాది వస్తే ఏం తాగాలి అని నీటి శాఖల వాళ్లు అడుగుతారు. ఇది తేలిగ్గా తీసిపారేయగల ప్రశ్న కాదు. నైరుతి నదుల మీద జలాశయాన్ని అక్టోబరుకల్లా నింపుకోవడం సరైన లెక్కే, ఎందుకంటే అక్కడ ఆ తర్వాత వచ్చేది తక్కువ. కానీ అదే లెక్కను చెయ్యేరు, స్వర్ణముఖి, పెన్నా దిగువ ప్రాంతాలకు తెచ్చి అతికిస్తే అసలు కాలం మొదలయ్యే వేళకే తొట్టి నిండి ఉంటుంది. మధ్యేమార్గం కాలం సగటులో దొరకదు, ఎందుకంటే ఈ మూడు నెలల వాన మూడు నెలలూ సమంగా పడదు. చాలాచోట్ల కాలం మొత్తం వానలో పెద్ద భాగం కొద్ది రోజుల్లోనే కురిసిపోతుంది. అందుకే చూడాల్సింది మొదటి వాయుగుండం వెళ్లిపోయాక నేల ఎంత నానింది, తర్వాతిది మూడు నాలుగు రోజుల్లో ఎటు రాబోతోంది అన్నవి. ఆ ముందుచూపు మేరకు నీరు వదిలితే, వచ్చే వాయుగుండం ఆ ఖాళీని నింపే అవకాశం ఉంటుంది. అంచనా తప్పి రాకపోతే కొంత నీరు పోతుంది. ఆ నష్టాన్ని ఒప్పుకునే నియమాలు లేకపోతే గేటు దగ్గరున్న ఇంజనీరు ఎత్తడానికి జంకుతాడు, అందులో తప్పు అతనిది కాదు.

డెల్టా రైతు అభ్యంతరం ఇంకా గట్టిది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఖరీఫ్ వరి నవంబరులో కోతకొస్తుంది. పనల మీద పడే వాన అతనికి అన్ని విధాలా నష్టమే, దాన్ని అకాలమని ఎందుకనకూడదు? అతని నష్టం ముమ్మాటికీ నిజం. కానీ ఆ వాన అకాలమన్నది నిజం కాదు. ఆ వాన ఎప్పుడూ వచ్చే వేళకే వచ్చింది. అదే వానను నమ్ముకుని నెల్లూరు రైతు అప్పుడే నారు పోసుకుంటాడు, అతని ప్రధాన పంట మార్చికి చేతికొస్తుంది. కృష్ణా డెల్టాలో కోత నవంబరు మధ్యలో పడడానికి కారణం కాలువ నీరు ఆలస్యంగా రావడం, నాట్లు జూలై, ఆగస్టులకు జరగడం. నీరు జూన్ మొదట్లో వదిలి, నాట్లు ముందుకు జరిపి, తక్కువ కాలపు వంగడం వేస్తే కోతలో ఎక్కువ భాగం తుఫాను కిటికీ తెరుచుకునేలోపే ముగించుకోవచ్చు. అది నీటి విడుదల తేదీ మీద చేయాల్సిన పోరాటం. ఆ వానను అకాలమని పిలిచినన్నాళ్లూ తప్పు ఆకాశం మీదికే పోతుంది, కాలువ తేదీ గురించి ఎవరూ అడగరు.